రీ: రెజ్యూమే మా టెంప్లేట్‌లోనే, .doc ఫైల్‌గానే కావాలి – నింపి పంపుతున్నా, కొన్ని మాటలున్నాయి

స్వాతి గారూ, నమస్తే.

శుక్రవారం మీ కన్సల్టెన్సీ తరఫున మీరు పంపిన మెయిల్, ఆ వెంటనే వాట్సాప్‌లో వచ్చిన "ఫార్మాట్‌లో లేకపోతే క్లయింట్‌కు ఫార్వర్డ్ చేయలేం" అన్న మెసేజ్, రెండూ చూశాను. టెంప్లేట్ నింపాను, ఈ మెయిల్‌కు జత చేశాను. ఆ మాట ముందే చెప్పేస్తే మీకు టెన్షన్ ఉండదు కదా. కింద రాసింది కాస్త పొడుగే, కానీ ఫైల్ ముందుకు పంపేలోపు ఒకసారి చదవండి, ముఖ్యంగా మొదటి విషయం.

మీరు పంపిన టెంప్లేట్ ఖాళీది కాదు. మొదటి పేజీ బాగానే ఉంది, రెండో పేజీలో టేబుల్ అడుగున తెల్ల రంగు అక్షరాల్లో ఇంకెవరివో వివరాలు అలాగే ఉండిపోయాయి. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు కాబట్టి మీ కంటికి ఆనలేదేమో, నేను కంట్రోల్ ఏ కొట్టగానే మొత్తం నీలంగా వెలిగి బయటపడ్డాయి: పుట్టినతేదీ, ఇప్పటి జీతం, ఎందుకు మానేస్తున్నదీ రాసిన రెండు లైన్లు, ఊరు వనపర్తి. పేరు లేదు కానీ మా రంగంలో వనపర్తి నుంచి వచ్చి పనిచేసేవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి, పోల్చుకోవడం ఎంతసేపు. నేను తుడిచేసి, కొత్త ఫైల్‌లో మొదటి నుంచి నింపాను, ఆ పాత కాపీని నా లాప్‌టాప్‌లోంచి తీసేశాను. ఇదే టెంప్లేట్‌ను ఇంకెంతమందికి పంపారో మీకే తెలియాలి, వాళ్లకు మళ్లీ ఖాళీది పంపండి. నా జీతం కూడా రేపు ఇంకొకరి రెండో పేజీలో తేలకూడదు కదా.

ఇక ఫైల్ రకం. నా లాప్‌టాప్‌లో ఎంఎస్ వర్డ్ లేదు, లినక్స్ వాడతాను. నా రెజ్యూమే రాసింది లాటెక్ అనే టైప్‌సెట్టింగ్ ప్రోగ్రామ్‌లో, అందుకే మొదట పీడీఎఫ్ పంపాను. దాన్ని వర్డ్‌లోకి మార్చడానికి ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ ఈ ఒక్క లైన్ కొట్టి చూశాను:

```
pandoc resume.tex -o resume.docx
```

అక్షరాలు వచ్చాయి గానీ నేను సొంతంగా రాసుకున్న హెడ్డింగులు, తేదీలు సగం ఎగిరిపోయాయి. మీ టెంప్లేట్‌లో టేబుల్ లోపల ఇంకో టేబుల్ ఉంది, దాంట్లోకి ఏదీ దానంతటది పోయి కూర్చోదు. కాబట్టి చేత్తోనే టైప్ చేశాను, లిబ్రేఆఫీస్‌లో. మీరు పెట్టిన కాలిబ్రి ఫాంట్ నా దగ్గర లేదు, బదులుగా కార్లిటో వచ్చింది, రెండింటి అక్షరాల వెడల్పు ఒకటే కాబట్టి లైన్లు పెద్దగా చెదరవు. చివరికి .doc గానే సేవ్ చేశాను. 2007 ఆఫీస్‌తో .docx వచ్చేసినా ఇంకా పాతదే ఎందుకు అడుగుతున్నారో నాకు అర్థం కాలేదు, సరే, అది మీ సిస్టమ్ గొడవ. మీ దగ్గర తెరిచినప్పుడు గీతలు పక్కకు జరిగి కనిపిస్తే మీరు సర్దకండి, స్క్రీన్‌షాట్ తీసి పంపండి, నేనే సరిచేస్తాను.

"పీడీఎఫ్ మా సిస్టమ్ చదవదు" అన్నారు. స్కాన్ చేసి పెట్టిన పీడీఎఫ్ అయితే నిజమే, అది ఫొటో, దాంట్లో అక్షరాలు ఉండవు. నాది అలాంటిది కాదు. మౌస్‌తో గుంజి కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి, పైనుంచి కిందికి వరుసగా వస్తుంది, ఒకటే కాలమ్. మీ టెక్నికల్ టీమ్ అడిగితే, పీడీఎఫ్‌లోంచి అక్షరాలు బయటికి తీసే ఈ ముక్క చూపించండి:

```
pdftotext -layout resume.pdf -
```

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను, నా పాత పీడీఎఫ్‌లో లోపం ఉండేది. ఇంగ్లీషులో ఎఫ్, ఐ పక్కపక్కన వస్తే లాటెక్ రెండింటినీ కలిపి ఒకే గుర్తుగా వేస్తుంది, కాపీ చేస్తే ఆ చోట ఖాళీ వచ్చేది, అంటే `configuration` అన్న మాట వెతికే సిస్టమ్‌కు అది దొరకనే దొరకదు. అది సరిచేశాను. అందుకే పీడీఎఫ్ కూడా మళ్లీ జత చేస్తున్నా. టెంప్లేట్‌లో ఉన్నదానికీ పీడీఎఫ్‌లో ఉన్నదానికీ ఎక్కడైనా తేడా వస్తే పీడీఎఫ్‌నే నా మాటగా తీసుకోండి.

ఈ మాట ఎందుకింత గట్టిగా అంటున్నానంటే ఒకసారి దెబ్బ తిన్నాను. 2023లో వేరే కన్సల్టెన్సీ ద్వారా గచ్చిబౌలిలో ఒక ఇంటర్వ్యూకు వెళ్లాను. కోదాడలో తెల్లవారుజామున బస్సెక్కి, ఎల్బీనగర్‌లో దిగి, మెట్రోలో అమీర్‌పేటలో మారి రాయదుర్గం చేరేసరికే సగం ప్రాణం పోయింది. ఇంటర్వ్యూ చేసే ఆయన ఎదురుగా కూర్చుని కాగితం తిప్పుతూ "జావాలో ఆరేళ్లు చేశారు, మరి ఇంత చిన్న ప్రశ్నకు తడబడతారేంటి" అన్నాడు. నాకప్పుడు మొత్తం అనుభవమే నాలుగేళ్లు. కాగితం ఇటు తిప్పమని అడిగి చూశాను: నా పేరే, నా కాలేజీనే, కానీ పైన వాళ్ల లోగో, నా ఫోన్ నంబర్ మాయం, నాలుగు ఉన్నచోట ఆరు, నేనెప్పుడూ ముట్టని రెండు టూల్స్ కొత్తగా చేరాయి. "సార్, ఇది నేను రాసింది కాదు" అంటే ఆయన నన్నే అనుమానంగా చూశాడు. ఎవరు మార్చారో ఆయనకేం తెలుస్తుంది, అబద్ధం చెప్పింది నేనే అనుకుంటాడు. పది నిమిషాల్లో బయటికొచ్చాను. కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే "క్లయింట్ ఆరేళ్లు అడిగారు బ్రదర్, అడ్జస్ట్ చేశాం" అన్నారు, అదేదో నాకు మేలు చేసినట్టు. ఇప్పుడైతే నాకు నిజంగానే ఆరేళ్లు నిండాయి, ఆ అవసరమే లేదు లెండి. మీ లోగో పెట్టుకోండి, పైన నా ఫోన్ నంబర్ తీసేయాలన్నా తీసేయండి, అది మీ వ్యాపార పద్ధతని తెలుసు. కానీ ఏళ్లు, తేదీలు, టూల్స్ పేర్లు, నేను చేసిన పని వివరం, వీటిలో అక్షరం మార్చాలన్నా ముందు నన్ను అడగండి. క్లయింట్‌కు పంపే ఆఖరి కాపీ నాకూ ఒకటి పంపండి, ఇంటర్వ్యూలో వాళ్ల చేతిలో ఏముందో నాకూ తెలియాలి కదా.

టెంప్లేట్‌లో కొన్ని గళ్లు నేను కావాలనే వదిలేశాను, మర్చిపోయాననుకునేరు. ఆధార్ నంబర్, పాన్, తండ్రి వృత్తి, పెళ్లయిందా లేదా, పాస్‌పోర్ట్ సైజు ఫొటో. ఇంటర్వ్యూ కూడా జరగకముందే ఆధార్ ఎందుకండీ? ఆఫర్ వచ్చాక చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తాను, పాన్ ఇస్తాను, పీఎఫ్ సర్వీసు చూసుకోవడానికి యూఏఎన్ ఇస్తాను, పేస్లిప్పులు ఇస్తాను. ఇదే అభ్యర్థి ఇంకో కన్సల్టెన్సీ నుంచి కూడా వచ్చాడేమో చూసుకోవడానికని మీరు అంటారు, దానికి నా ఈమెయిల్, పుట్టినతేదీలో రోజు, నెల చాలు, రాశాను. మన దేశంలో వ్యక్తిగత వివరాల రక్షణకు 2023లో ఒక చట్టం కూడా చేశారు, ఏ పనికి అవసరమో ఆ మేరకే తీసుకోవాలన్నది దాని ఉద్దేశం. గొడవకు కాదు, మాటకు చెబుతున్నా.

చదువు టేబుల్‌లో "పర్సంటేజ్" గడి శాతం రాయడానికే ఉంది. నేను పదో తరగతి 2013లో పాసయ్యాను, అప్పటికే గ్రేడ్లు వచ్చాయి, నా మెమోలో ఉన్నది 9.2 జీపీఏ, అదే రాశాను. దాన్ని ఏదో ఒక అంకెతో గుణించి 87 అనో 92 అనో రాస్తే, రేపు వెరిఫికేషన్‌లో మెమో చూసి "ఈ అంకె ఎక్కడిది" అంటే నా దగ్గర జవాబుండదు. అలాగే "నేటివ్ డిస్ట్రిక్ట్" లిస్టులో తెలంగాణవి ఇంకా పాత పది జిల్లాలే ఉన్నాయి. మా కోదాడ 2016 నుంచి సూర్యాపేట జిల్లా. అది లిస్టులో లేదు కాబట్టి నల్లగొండ ఎంచుకుని, పక్కన సూర్యాపేట అని టైప్ చేశాను. పది మెమోలో ఆంధ్రప్రదేశ్ బోర్డు అనీ నల్లగొండ జిల్లా అనీ ఉంటుంది, ఆధార్‌లో తెలంగాణ, సూర్యాపేట అని ఉంటుంది, ఇద్దరు మనుషులం కాదు, ఒక్కణ్నే. లిస్టు మార్చేవాళ్లు మీ దగ్గరుంటే చెప్పండి, గద్వాల వాళ్లు, నాగర్‌కర్నూల్ వాళ్లు, నారాయణపేట వాళ్లు అందరికీ ఇదే తిప్పలు.

ఒక్కో ప్రాజెక్టుకు మూడు లైన్లే అన్నారు, అక్కడ మాత్రం మీ టెంప్లేట్‌కే నా ఓటు. నాది చదివితే నాకే నిద్రొచ్చేలా ఉండేది. కుదించాను, బాగుంది. కాకపోతే చివరి ప్రాజెక్టుకు ఐదు లైన్లు పట్టాయి, రాత్రిపూట నడిచే బిల్లింగ్ ప్రోగ్రామ్ నాలుగు గంటల నుంచి నలభై నిమిషాలకు దిగిందంటే ఏం చేస్తే దిగిందో చెప్పకపోతే ఎవరు నమ్ముతారు.

ఫైల్ పేరు మీరు చెప్పినట్టే పెట్టాను: `Srikanth_Java_6Yrs_60Days_Hyd.doc`. నోటీసు అరవై రోజులే, మీ మెసేజ్‌లో ముప్పై అని ఉంది. కొత్త కంపెనీ బైఅవుట్ ఇస్తే ముప్పైకి దించుకోవచ్చు, అది నా మేనేజర్ ఒప్పుకున్నాక మాట, ఇప్పుడే ముప్పై అని రాయకండి. ఇప్పటి జీతం 11.4 లక్షలు, అడుగుతున్నది 16.

మీ ద్వారానే వస్తున్నానని ఒప్పుకుంటూ మెయిల్ ఇవ్వమన్నారు కదా, ఇదే అది అనుకోండి: ఈ క్లయింట్‌కు, ఈ ఒక్క పోస్టుకు, నన్ను మీరు పంపవచ్చు. ఇంకో కంపెనీకి పంపాలంటే మళ్లీ అడగండి.

మంగళ, బుధవారాలు ఇంటి నుంచే పని, ఎప్పుడైనా ఫోన్ చేయండి. గురువారం పొద్దున మాత్రం బస్సులో ఉంటాను, నార్కట్‌పల్లి దాటేదాకా సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, అప్పుడు ఫోన్ ఎత్తకపోతే ఆసక్తి లేదని రాసుకోకండి.

ఉంటానండీ,
శ్రీకాంత్
కోదాడ

జత చేసినవి: టెంప్లేట్ .doc ఒకటి, నా రెజ్యూమే పీడీఎఫ్ ఒకటి. ఫొటో గడి ఖాళీగా కనిపిస్తే కంగారు పడి నా వాట్సాప్ డీపీ తీసి పెట్టకండి, అందులో మా మేనల్లుడు ఉన్నాడు.