సెమిస్టర్ పరీక్షల అర్హత పట్టిక: బి.ఏ. తెలుగు, రెండో సంవత్సరం, చెన్నై

ఏప్రిల్ 2025 పరీక్షలు. పనిదినాలు 90, విద్యార్థులు 31 మంది.

75 శాతానికి 68 రోజులు కావాలి. 67 రోజులంటే 74.44 శాతమే, దాన్ని 75గా సవరించలేదు. 25 మందికి నేరుగా అర్హత ఉంది, హాల్ టికెట్లు ఆఫీసులో తీసుకోవచ్చు.

వైద్య కారణాలపై మినహాయింపు (65 నుంచి 75 శాతం లోపు, అంటే 59–67 రోజులు):
రోల్ నంబర్ 07: 64 రోజులు, 71.11 శాతం, డెంగీ
18: 61 రోజులు, 67.78 శాతం, కామెర్లు
22: 66 రోజులు, 73.33 శాతం, కాలి ఎముక విరిగింది

ముగ్గురూ డిశ్చార్జి సమ్మరీ ఇచ్చారు, తేదీలు రిజిస్టరుతో సరిపోయాయి. మినహాయింపు వల్ల హాజరు రోజులు పెరగవు. పరీక్షకు అనుమతి మాత్రమే. కండొనేషన్ ఫీజు కట్టాకే హాల్ టికెట్.

డిటైన్ అయినవారు:
11: 52 రోజులు, 57.78 శాతం. ఈ పేపర్లు వచ్చే సెమిస్టరు పరీక్షలతో రాయాలి.
26: 60 రోజులు, 66.67 శాతం. సర్టిఫికెట్‌లో విశ్రాంతి అని రాసిన రోజుల్లో నాలుగింటికి రిజిస్టరులో హాజరు పడింది, అందుకే తిరస్కరించాం. డాక్టరు దగ్గర తేదీలు సరిచేయించి తెస్తే మళ్లీ చూస్తాం. ఈ విద్యార్థి వెంటనే కలవాలి.
30: 41 రోజులు, 45.56 శాతం. 50 శాతం కూడా లేదు కనుక సెమిస్టరు మళ్లీ చదవాలి.

రోజుల లెక్కలో తేడా ఉంటే శుక్రవారం సాయంత్రం 4 గంటలలోపు క్లాస్ టీచర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి.