బస్సు బోర్డుల మీద అక్షరమాల

(డల్లాస్‌లో ఆదివారం తెలుగు తరగతికి వెళ్ళే మా మనవరాలికీ, ఆమెతో పాటు కూర్చునే పిల్లలందరికీ, కర్నూలు నుంచి అవ్వ రాసినది.)

మీరు వేసవి సెలవులకు వచ్చి కర్నూలు బస్టాండులో నిలిచినప్పుడు,
ఏ బస్సు ఎక్కాలో నన్ను అడగకుండా
బోర్డు మీది పేరును మీరే చదువుకోవాలని
ఈ పాటను రాసి పంపుతున్నాను.
మన బస్సు ఊళ్ళ దారిని అడ్డదిడ్డంగా తిరిగినా,
అక్షరాల వరుసను మాత్రం ఎక్కడా తప్పదు.
పొట్టి అచ్చుకు ఒక చప్పట కొట్టండి,
పొడుగు అచ్చుకు రెండు చప్పట్లు కొట్టండి.

అ అంటే అనంతపురం, బస్సు అక్కడే బయలుదేరింది;
ఆ అంటే ఆదోని, తెల్లని పత్తి మూటలతో ఎదురైంది.
ఇ అంటే ఇసుక, ఎండిన పెన్నలో మెత్తగా పరచుకుంది;
ఈ అంటే ఈతచెట్టు, గట్టు మీద ముళ్ళతో నిలిచింది.
ఉ అంటే ఉరవకొండ, ఊ అంటే ఊరు;
రెండో చప్పట మరిచి పలికితే ఆ ఊరికి ఎవరూ చేరరు.
ఋ అంటే ఋషి, మన నోట అది రు లాగే పలుకుతుంది,
రాసేటప్పుడు మాత్రం తన రూపం తనకే ఉంటుంది.
ఎ అంటే ఎమ్మిగనూరు, మగ్గాల చప్పుడు వినిపించే ఊరు;
ఏ అంటే ఏరు, వాన పడిన నాడే అందులో నీరు.
ఐ అంటే ఐదు, మీ చేతి వేళ్ళను లెక్కపెట్టండి;
ఒ అంటే ఒంటిమిట్ట, కోదండరాముడికి దండం పెట్టండి.
ఓ అంటే ఓర్వకల్లు, అక్కడి కొండరాళ్ళ వింత ఆకారాలను చూడండి.
ఔ అంటే ఔకు; బోర్డు మీద అవుకు అని ఉన్నా
రెండూ ఒకటేనని మీ చెవే మీకు చెబుతుంది.
అం అంటే అంబలి, సున్నా దగ్గర పెదవులు మూతపడతాయి;
అః అన్నది మాటకు ముందు రాదు కనుక
అంతఃపురం నడుమ చిన్న ఊపిరిగా దానిని వినండి.

ఇక హల్లుల బస్సు వచ్చింది, ఎక్కండి.
ఇందులో ఐదు వరుసలు, వరుసకు ఐదు సీట్లు.
వెనుక సీటు గొంతు, ముందు సీటు పెదవులు;
మనం వెనుక నుంచి మొదలుపెట్టి ముందుకు నడుద్దాం.

క అంటే కడప, ఖ అంటే ఖడ్గం, గ అంటే గండికోట,
పెన్నానది రాతిని కోసి లోతైన లోయ చేసిన చోట.
ఘ అంటే ఘటం. ఖ, ఘ పలికేటప్పుడు నోటి ముందు అరచేయి పెట్టండి,
గాలి వేడిగా తగిలితేనే ఒత్తి పలికినట్టు.
ఙ మాట మొదట కూర్చోదు, వాఙ్మయంలో దాగి ఉంటుంది.

చ అంటే చిత్రావతి, ఛ అంటే ఛత్రం, జ అంటే జమ్మలమడుగు,
ఝ అంటే ఝరి. ఞ ఎక్కడుందని జ్ఞానాన్ని అడుగు.

ట అంటే టెంకాయ, కోస్తావారు కొబ్బరికాయ అన్నా మనకు టెంకాయే;
ఠ అంటే ఠావు, డ అంటే డోన్, ఢ అంటే ఢంకా,
ణ అన్నది బాణం చివర నిలిచింది.
ఇంగ్లీషులో టీ అన్నప్పుడు నాలుక పళ్ళ వెనుక చిగురును తాకుతుంది;
తెలుగులో ట అనాలంటే దానిని ఇంకా వెనక్కి మడవాలి,
త అనాలంటే ముందుకు తెచ్చి పళ్ళకే ఆనించాలి.
ట, త, ట, త అని పదిసార్లు అనండి, నవ్వు వస్తే నవ్వండి.

త అంటే తాడిపత్రి, థ అన్నది రథంలో ఉంది,
ద అంటే దానిమ్మ, ధ అంటే ధర్మవరం పట్టు, న అంటే నంద్యాల.

ప అంటే పులివెందుల, ఫ అంటే ఫలం;
ఫలానికి రెండు పెదవులూ కలవాలి,
ఫోనుకు మాత్రం కింది పెదవి పళ్ళకు తగలాలి.
బ అంటే బనగానపల్లె, ఆ మామిడి తీపి మీకు తెలుసు;
భ అంటే భోజనం, మ అంటే తుంగభద్ర ఒడ్డున ఉన్న మంత్రాలయం.

వరుసల్లో చోటు చాలనివారు ఇప్పుడు ఎక్కుతున్నారు.
య అంటే యాగంటి, ర అంటే రాయచోటి,
ల అంటే లేపాక్షి, అక్కడ ఒక స్తంభం కింద గుడ్డ దూరుతుంది.
వ అంటే వేరుశనగ, మన ఇంట్లో వాటిని బుడ్డలంటాం.
శ అంటే శ్రీశైలం, ష అన్నది భాషలో ఉంది, స అంటే సంగటి.
హ అంటే హంద్రీ, మన ఊరి దగ్గరే తుంగభద్రలో కలుస్తుంది.
ళ కావాలంటే ఆళ్ళగడ్డలో దిగండి,
నాలుకను మడిచి పలకకపోతే అక్కడివారు మిమ్మల్ని మరోసారి అడుగుతారు.
క్ష కోసం లేపాక్షికే మళ్ళీ వెళ్ళండి;
ఱ మాత్రం నా పాత పుస్తకంలో గొఱ్ఱెతో పాటు మేస్తోంది.

ఇదిగో, బస్సు కర్నూలు చేరింది, బోర్డును చదవండి.
ర కింద న ఎందుకు కూర్చుందని అడుగుతున్నారా?
అది ఒత్తుల పాట, దానిని వచ్చే ఆదివారానికి పంపుతాను.