కొత్తగా చేరినవారికి: సెలవులు, ఖర్చుల చెల్లింపు

ప్రొబేషన్ 6 నెలలు. ఆ కాలంలో నెలకు 1 క్యాజువల్ లీవ్ మాత్రమే. ఎర్న్‌డ్ లీవ్ కన్ఫర్మేషన్ తర్వాతే, ఏడాదికి 15 రోజులు. 3 రోజుల వరకు మేనేజర్ ఆమోదం చాలు. అంతకు మించితే ముందు మేనేజర్, తర్వాత హెచ్‌ఆర్. ఒంట్లో బాగాలేకపోతే ఫోన్ చేసి చెప్పండి, దరఖాస్తు కోలుకున్నాక పెట్టొచ్చు.

ప్రసూతి సెలవుకు ప్రొబేషన్ అడ్డు కాదు, ఎవరూ సంకోచించవద్దు. చట్టప్రకారం, కాన్పు అంచనా తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. ఇద్దరికంటే తక్కువ పిల్లలున్నవారికి జీతంతో 26 వారాలు.

ఆఫీసు పనిమీద ఊరెళితే బసకు రోజుకు రూ.2,500, భోజనానికి రూ.600 వరకు ఇస్తాం. బిల్లులు తిరిగొచ్చిన 30 రోజుల్లోపు పోర్టల్‌లో పెట్టాలి. మొత్తం రూ.5,000 వరకు మేనేజర్ ఆమోదిస్తారు. దాటితే మేనేజర్ తర్వాత ఫైనాన్స్ హెడ్ కూడా ఆమోదించాలి. గడువు దాటిన బిల్లులకు చెల్లింపు లేదు.