షాపులో ఫోను రీసెట్ చేయించాక పాత చాట్‌లు ఏమయ్యాయి? మొదటిసారి స్మార్ట్‌ఫోను వాడేవారి ప్రశ్నలు, సమాధానాలు

తిరుపతి బైరాగిపట్టెడలో మా కాలనీ సంఘం గదిలో ఆదివారం ఉదయం పూట పెద్దలకు ఫోను వాడకం చూపిస్తుంటాము. అక్కడ ఎక్కువగా వినిపించే ప్రశ్నలు ఇవి. ఇందులో చెప్పినవి ఆండ్రాయిడ్ ఫోనులకు, ముఖ్యంగా వాట్సాప్‌కు వర్తిస్తాయి.

ఫోను హ్యాంగ్ అవుతోందని షాపులో ఇచ్చాను. నేను ఒక్క మెసేజీ కూడా తుడపలేదు. అయినా వాట్సాప్ ఖాళీగా ఎందుకు ఉంది?

షాపులో చేసింది ఫ్యాక్టరీ రీసెట్. అంటే ఫోనును పెట్టెలోంచి తీసిన నాటి స్థితికి తీసుకువెళ్లడం. మీ చాట్‌లు ఉన్నది ఫోను లోపలి మెమరీలోనే కాబట్టి, రీసెట్ చేసినప్పుడు మిగతా వాటితో పాటు అవి కూడా తుడిచిపెట్టుకుపోయాయి. సిమ్ కార్డు అదే ఉంది కదా అని చాలామంది అడుగుతారు. సిమ్‌లో మీ నంబరు ఉంటుందే గాని వాట్సాప్ మెసేజీలు ఉండవు.

వాట్సాప్ కంపెనీ వాళ్ల దగ్గర ఒక ప్రతి ఉండదా?

ఉండదు. మెసేజీ మీ ఫోనుకు చేరగానే వారి సర్వరులోంచి, అంటే కంపెనీ పెద్ద కంప్యూటరులోంచి, తొలగిపోతుంది. చేరని మెసేజీని మాత్రం 30 రోజుల వరకు ఉంచుతారు. అందుకే ఫోను షాపులో ఉన్న రెండు మూడు రోజుల్లో వచ్చినవి కొన్ని ఇప్పుడు కనిపించవచ్చు. టెలిగ్రామ్ తీరు వేరు. అందులో మామూలు చాట్‌లు వారి సర్వరులోనే ఉంటాయి గనుక అదే నంబరుతో లాగిన్ అయితే తిరిగి వస్తాయి. సీక్రెట్ చాట్‌లు మాత్రం ఫోనులోనే ఉంటాయి కాబట్టి రావు.

మా గ్రూపులన్నీ అలాగే ఉన్నాయి, లోపల పాత మెసేజీలు మాత్రం లేవు. ఇదేమి విచిత్రం?

గ్రూపులో సభ్యత్వం మీ నంబరుకు ముడిపడి ఉంటుంది, దాన్ని వాట్సాప్ గుర్తుంచుకుంటుంది. మెసేజీలు మాత్రం మీ ఫోనులో ఉన్నవి. ఇల్లు అదే, సామాను పోయింది అనుకోండి.

మరి తిరిగి తెచ్చుకునే దారి ఉందా?

రీసెట్‌కు ముందు బ్యాకప్, అంటే చాట్‌ల ప్రతి ఒకటి ఫోను బయట దాచడం, జరిగి ఉంటే ఉంది. బ్యాకప్ మీ గూగుల్ ఖాతాలోకి, అంటే జీమెయిల్ ఖాతాలోకి వెళుతుంది. అది తిరిగి రావాలంటే ఫోను నంబరు పాతదే కావాలి, జీమెయిల్ కూడా పాతదే కావాలి. ఉందో లేదో చూడడానికి పాత జీమెయిల్‌తో Drive యాప్ తెరిచి, ఎడమవైపు మెనూలో Backups నొక్కితే, వాట్సాప్ బ్యాకప్ ఉన్నట్లయితే అది చివరిసారి జరిగిన తేదీతో సహా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చాలా ఫోనులలో ఈ బ్యాకప్ వైఫై ఉన్నప్పుడే జరిగేలా ఉంటుంది. చంద్రగిరి వైపు పల్లెలో ఉంటూ రీచార్జి డేటాతోనే ఫోను నడిపే మనిషికి ఇంట్లో వైఫై ఎక్కడిది? బ్యాకప్ పెట్టే ఉందని ఆయన నమ్మకం, కాని అది ఒక్కసారి కూడా పైకి వెళ్లి ఉండకపోవచ్చు.

షాపు అబ్బాయి జీమెయిల్ కూడా కొత్తది చేసి ఇచ్చాడు. ఇబ్బంది ఏమైనా ఉందా?

ఉంది. మా దగ్గరికి వచ్చే వాటిలో సగం చిక్కులకు మూలం ఇదే. మీ పాత జీమెయిల్ పాస్‌వర్డ్ మీకు గుర్తుండదు, షాపులో రద్దీగా ఉంటుంది, ఐదు నిమిషాల్లో కొత్త ఖాతా తెరిచి చేతిలో పెడతారు. వారి ఉద్దేశం మంచిదే అయినా, ఆ కొత్త ఖాతాలో వెతికితే మీ పాత బ్యాకప్ ఎన్నటికీ కనబడదు, ఎందుకంటే అది పాత ఖాతాలో ఉంది. ముందుగా పాత జీమెయిల్ చిరునామా కనుక్కోండి. కొత్త ఫోను కొన్న రోజున దాన్ని పెట్టిన కొడుకునో కోడలినో అడగండి. చిరునామా వారి ఫోనులో ఎక్కడో రాసుకుని ఉంటారు. పాస్‌వర్డ్ మరిచిపోతే g.co/recover అనే చోటుకు వెళ్లి ఖాతాను తిరిగి పొందవచ్చు. ఆ తరువాత ఫోను Settings లోకి వెళ్లి ఆ పాత ఖాతాను కూడా చేర్చండి.

వాట్సాప్ పెట్టేటప్పుడు ఏదో అడిగితే Skip నొక్కేశారు. ఇక అంతేనా?

అంతే కాదు, కాని తొందరపడకండి. బ్యాకప్‌ను తిరిగి తెచ్చుకోమంటారా అని వాట్సాప్ అడిగేది నంబరు నమోదు చేసే సమయంలోనే. ఆ సమయం దాటిపోతే యాప్‌ను తీసేసి మళ్లీ పెట్టుకోవాలి. అంతకన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది: ఇప్పటి ఖాళీ వాట్సాప్ కొత్తగా బ్యాకప్ తీసుకుంటే అది పాతదాని మీద పడి దాన్ని చెరిపేస్తుంది. అందువల్ల వాట్సాప్‌లో Settings, Chats, Chat backup వరుసగా నొక్కి, ఆటోమేటిక్ బ్యాకప్‌ను ఆపేయండి. పాత జీమెయిల్ ఫోనులో ఉందని చూసుకొని, అప్పుడు యాప్ తీసి మళ్లీ పెట్టండి. Restore నొక్కే ముందు తెర మీద బ్యాకప్ తేదీ, సైజు చూపిస్తారు. తేదీ రీసెట్‌కు ముందుదైతేనే నొక్కండి. ఆ తరువాత ఫోనును చార్జింగులో పెట్టి, వైఫై ఉన్న చోట వదిలేయండి. మెసేజీలు ముందు వస్తాయి, ఫోటోలు, వీడియోలు నెమ్మదిగా వస్తాయి. రీసెట్ అయ్యాక ఈ నాలుగు రోజుల్లో వచ్చిన మెసేజీలు ఈ పనిలో పోవచ్చు. అవసరమైనవి ఉంటే ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

Restore నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతోంది.

ఎవరో మీ బ్యాకప్‌కు తాళం వేసి పెట్టారన్నమాట. ఆ పాస్‌వర్డు గాని, 64 అంకెల కీ గాని లేకపోతే వాట్సాప్ వారు కూడా దాన్ని తెరవలేరు. పెట్టిన మనిషిని అడగడమే దారి.

రెండు వేలు ఇస్తే సాఫ్ట్‌వేరుతో పాత చాట్‌లు తీసిస్తామంటున్నారు. ఇవ్వమంటారా?

ఇవ్వకండి. ఇప్పటి ఫోనులలో మెమరీ సంకేతరూపంలో ఉంటుంది, రీసెట్‌తో దాన్ని తెరిచే కీ నాశనమవుతుంది. ఆపై మిగిలిన దాన్ని చదవడం సాఫ్ట్‌వేరుకు చేతనయ్యే పని కాదు. మీ ఫోనుకు వచ్చిన 6 అంకెల కోడ్ చెప్పమని ఎవరైనా అడిగితే మాట తెంచేసి ఫోను పెట్టేయండి. ఆ కోడ్ ఇస్తే మీ వాట్సాప్ వాళ్ల చేతికి వెళుతుంది. డబ్బు పోయినట్లయితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయండి.

ఫోటోలు, ఫోను నంబర్లు?

అవి వేరు. పాత జీమెయిల్ కలిపాక Google Photos, Contacts యాప్‌లలో చూడండి. నంబర్లు గూగుల్‌లో సేవ్ అయి ఉంటే పేర్లు వాటంతటవే వచ్చేస్తాయి.

బ్యాకప్ అసలు లేదని తేలింది. మామిడి లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి.

చిత్తూరు దగ్గరి నుంచి ఒక రైతు ఇదే బాధతో వచ్చారు. తోతాపురి కాయ తోలినప్పుడల్లా గుజ్జు ఫ్యాక్టరీ కాటా చీటీని ఫోటో తీసి కమీషన్ మండీ గుమాస్తాకు పంపేవారట. చీటీలు పోయాయి, ఫోటోలూ పోయాయి. కాని ఆ చాట్ గుమాస్తా ఫోనులో అలాగే ఉంది! అవతలి వారు ఆ చాట్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, More లో Export chat ఎంచుకుంటే మొత్తం సంభాషణ ఒక ఫైలుగా వస్తుంది, ఫోటోలు కలిపి కూడా పంపవచ్చు. అది మీ వాట్సాప్ చాట్‌లో తిరిగి చేరదు, విడిగా చదువుకోవాలి. లెక్క తేల్చుకోవడానికి ఆ రైతుకు అది సరిపోయింది. ఫైలు వచ్చిన రోజే కాటా చీటీల ఫోటోలను ఇక్కడే ప్రింటు తీయించుకుని వెళ్లారు.