బైకార్బనేట్ ఉన్న నీటిలో ఫ్లోరైడ్ తొలగింపు: ప్రోగ్రెస్ సెమినార్ ప్రసంగం

కమిటీ సభ్యులందరికీ, మా గైడ్ గారికి నమస్కారం.

ఈ ఏడాది చూపించడానికి నా దగ్గర ఫలితాలు తక్కువే ఉన్నాయి. అందుకని పాత స్లైడ్లతో సమయం నింపను. చేతిలో ఉన్న ఒక్క ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చో, దాన్నిబట్టి ఇకముందు ఏం చేయాలనుకుంటున్నానో చెబుతాను.

అల్యూమినా పూత వేసిన బొగ్గుతో తాగునీటిలో ఫ్లోరైడ్ తగ్గించడం నా అంశం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, లీటరుకు 2 గ్రాముల పొడి వేస్తే డిస్టిల్డ్ వాటర్‌లో 1.2కి దిగింది. అదే నీటిలో సోడియం బైకార్బనేట్ కలిపితే 3.6 దగ్గరే ఆగిపోయింది. అసలు భూగర్భ జలాల్లో బైకార్బనేట్ లేకుండా ఉండదు కాబట్టి, నా దృష్టిలో లెక్కలోకి వచ్చేది ఈ రెండో అంకే.

ఈ అంకెలు నిజమేనా అన్న ప్రశ్న మీకు వస్తుంది. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌కి విడిగా ఉన్న ఫ్లోరైడ్ మాత్రమే కనబడుతుంది. పూతలోంచి కరిగిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ని పట్టుకుంటే, అది నీళ్లలోనే ఉన్నా తొలగిపోయినట్టు రీడింగ్ వస్తుంది. అందుకే ప్రతి శాంపిల్‌కీ టిసాబ్ బఫర్ కలిపి, అల్యూమినియం వదిలేసిన ఫ్లోరైడ్‌ని కూడా లెక్కలోకి తెచ్చాను. కాలిబ్రేషన్ స్లోప్ పదిరెట్లకి 59 మిల్లీవోల్ట్‌ల దగ్గర లేని రోజు రీడింగులు పక్కన పెట్టాను. డేటా పలచబడటానికి ఇదొక కారణం. అయినా ఆ నియమం సడలించే ఉద్దేశం నాకు లేదు.

ఇక బైకార్బనేట్ ఎందుకు అడ్డుపడుతోంది? అది పీహెచ్‌ని 8.3 వరకు పెంచుతుంది, పైగా అల్యూమినా ఉపరితలం మీద చోటు కోసం ఫ్లోరైడ్‌తో పోటీపడుతుంది. ఈ రెంటినీ విడదీయడానికి బైకార్బనేట్ లేకుండా, సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్‌ని 8.3 దగ్గరే నిలిపి చూశాను. 2.1 వచ్చింది. అంటే నష్టంలో కొంత పీహెచ్‌ది, ఎక్కువ భాగం పోటీది. ఇది ఇంకా ఒకే బ్యాచ్ పదార్థం మీద వచ్చిన ఫలితం, కాబట్టి నిర్ధారణ అనలేను. ఉపరితలం ఏ పీహెచ్ దగ్గర ధనావేశం కోల్పోతుందో కూడా కొలవాల్సి ఉంది.

ప్రపోజల్‌లో రాసిన కాలమ్ ప్రయోగాలు మొదలుపెట్టలేదు. బీకరులో 3.6 దగ్గర ఆగే పదార్థాన్ని కాలమ్‌లో నింపితే అది ఎంత త్వరగా చేతులెత్తేస్తుందో తప్ప కొత్తగా తెలిసేది ఉండదు.

కమిటీని రెండు విషయాలు కోరుతున్నాను. కాలమ్ భాగాన్ని వాయిదా వేసి, వచ్చే ఆరు నెలలు బైకార్బనేట్ పోటీ మీదే పనిచేయడానికి అనుమతి ఇవ్వండి. కొత్త బ్యాచ్‌లో కూడా 2.1కీ 3.6కీ మధ్య తేడా నిలబడకపోతే, పూత మార్చాలా, పదార్థాన్నే మార్చాలా అన్నది అప్పుడు మీ ముందుకు తెస్తాను. రెండోది, ఉపరితల ఆవేశం కొలిచే పరికరం మా విభాగంలో లేదు. అది ఎక్కడ దొరుకుతుందో మీలో ఎవరైనా దారి చూపితే ఆ పని వెంటనే మొదలుపెడతాను.

ప్రశ్నలు అడగండి. ముడి రీడింగులున్న నోట్‌బుక్ కూడా ఇక్కడే ఉంది.