ఆరంకెలు

రవణమ్మవ్వ ఫోను గేదెల తొట్టిలో పడింది. బియ్యంలో పెట్టి చూసింది, మిద్దె మీద ఎండకు పెట్టి చూసింది, ఏదీ పనిచేయక చివరికి కొంగున ముడేసుకుని నా షాపుకి తెచ్చింది. ఉలవపాడు సెంటర్లో రీఛార్జ్, జిరాక్స్, రిపేరు అన్నీ నేను ఒక్క గదిలోనే చేస్తాను. ఫోను విప్పి చూస్తే లోపల బోర్డు పచ్చగా చిలుం పట్టి ఉంది.

"ఇది లేవదవ్వా. కొత్తది తీసుకో."

మామిడికాయల రోజులు కాబట్టి చేతిలో డబ్బులున్నాయి. బేరమాడకుండా లెక్కబెట్టి ఇచ్చింది, అది నాకు వింతే. "మరి నా పిల్లకాయలు ఇందులోకి వచ్చేస్తారుగా?" అని మాత్రం అడిగింది.

పిల్లకాయలంటే డాలస్‌లో ఉండే మనవరాలు, మనవడు. వాళ్ళ ఫోటోలన్నీ పాత ఫోన్లోంచి ఎప్పటికప్పుడు ఆమె అకౌంట్‌లోకి ఎక్కిపోయేట్టు కొడుకే సెట్ చేసి వెళ్ళాడు. వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోకే. కాగితం మీద ఒక్క ఫోటో కూడా లేదు, ఎవరూ కడిగించలేదు. పాస్‌వర్డ్ మామిడికాయల లెక్కల పుస్తకం చివరి అట్ట మీద కొడుకు చేతిరాతలో ఉంది. కొట్టాను, సరిపోయింది. అంతలోనే ఇంకో గడి తెరుచుకుంది: 47తో ముగిసే నంబరుకి ఆరంకెల కోడ్ పంపించాం, అది టైప్ చేయండి అని.

అవ్వ నంబరు చివర 63.

"47 ఎవరిదవ్వా?"

"మావాడిది. ఇక్కడ ఉన్నప్పటిది."

నాకు విషయం అర్థమైపోయింది. ఫారిన్ పోయినోళ్ళు ఇండియా సిమ్ డ్రాయర్లో పడేసి మర్చిపోతారు. బ్యాలెన్స్ లేకుండా మూడు నెలలు వాడకపోతే కంపెనీ ఆ నంబరు ఆపేస్తుంది, ఇంకొన్నాళ్ళు పక్కన పెట్టి వేరే ఎవరికో అమ్మేస్తుంది. ఇట్టాంటివి నా షాపుకి వస్తూనే ఉంటాయి, ఎక్కువగా బ్యాంకు మెసేజీల గొడవలు. వేరే దారి ఏమన్నా ఉందా అని నొక్కితే, పాత ఫోన్లో 'అవును' నొక్కమంది. పాత ఫోన్ నా బల్ల మీద శవంలా పడి ఉంది. ఇంకోటి నొక్కితే కొడుకు మెయిల్‌కి పంపుతానంది.

"ఇంకేం, మీవాడికి ఫోన్ చెయ్యి. రెండు నిమిషాల పని. అసలు కోడెందుకు, ఫోటోలే మళ్ళీ పంపమను."

"చెయ్యను."

ఊళ్ళో అందరికీ తెలిసిందే అది. రామాయపట్నం పోర్టు పనులు మొదలయ్యాక ఈ చుట్టుపక్కల భూముల రేట్లు ఎట్టా లేచాయో చెప్పక్కర్లేదు. అవ్వకి రెండెకరాల బంగినపల్లి తోట ఉంది, ఆయన నాటిన చెట్లు. అది అమ్మితే అక్కడ ఇల్లు కొనుక్కుంటానని కొడుకు, నేను పోయాక నీ ఇష్టం అని ఈమె. మాట మీద మాట పెరిగింది. కోడలు పంపే ఫోటోలు ఆగిపోయాయి, తర్వాత ఫోన్లూ ఆగిపోయాయి. రెండు కాపులు పోయాయి, వాడు చెయ్యలేదు, ఈమె చెయ్యలేదు. ఎవరిది తప్పంటే నేను చెప్పను, ఇద్దరూ నా కస్టమర్లే.

సరే, 47 ఎవరి దగ్గరుందో వాళ్ళనే అడుగుదామని నా ఫోన్లోంచి చేశాను. ఎవరో ఆడమనిషి ఎత్తింది, వెనక కుట్టు మిషన్ చప్పుడు.

"అక్కా, మీ ఫోనుకి ఇప్పుడొక ఆరంకెల కోడ్ వస్తుంది. అది కాస్త చెప్తారా?"

ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే నాకే దొంగ మాటలా వినిపించింది. ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. సారాంశం ఏందంటే, పోయినేడు డ్వాక్రా లోను వడ్డీ మాఫీ అని ఎవడో ఇట్టాగే కోడ్ అడిగి ఆమె అకౌంట్లోంచి పద్దెనిమిది వేలు లాగేశాడు. కోడ్ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు వాళ్ళు చెప్తారు, ఫోన్ ఎత్తితే చెప్తారు, టీవీలో చెప్తారు. ఆమె నేర్చుకుంది. నన్ను బ్లాక్ చేసింది కూడా.

"నేను మాట్లాడతా" అని అవ్వ కొత్త ఫోన్లోంచి తన నంబరుతో కలిపింది. ఆ పది అంకెలూ చూడకుండా నొక్కింది. స్పీకర్ పెట్టాను.

"హలో" అన్నాక అవతల ఒక్క క్షణం ఆగి, గొంతు లేచింది. "ఓహో, ఈ నంబరా! ఎవురు నువ్వు? రాత్రి పూట ఫోన్ చేసి, హలో అంటే మాట్లాడకుండా పెట్టేసేది నువ్వేనా?"

నేను అవ్వ వైపు చూశాను. అవ్వ ఫోన్ వైపు చూస్తోంది.

"సంక్రాంతికి మా ఆయన హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు కూడా చేశావు గదా, పది గంటలప్పుడు! ఆయన ఎత్తితే టక్కున పెట్టేశావు. ఎవుడే వాడు, ఎవుడే వాడు అని పండగ మూడు రోజులూ నన్ను కాల్చుకు తిన్నాడు! ఎన్ని ఒట్లేసినా నమ్మలా!"

"ఆ రోజు మగ గొంతు వినబడింది" అంది అవ్వ. "మావాడేమో అనుకున్నా. కాదని తెలిశాక ఏం మాట్లాడాలో తోచలేదు తల్లీ."

అవతల మిషన్ ఆగింది.

అంటే ఆ నంబరు వేరేవాళ్ళకి పోయిందని అవ్వకి ఎప్పుడో తెలుసు. తెలిసే చేస్తోంది. అమెరికా నంబరుకి చేస్తే వాడు ఎత్తుతాడని భయమో, ఎత్తడని భయమో నాకు తెలీదు, నేను అడగలేదు కూడా.

"నీ ఊరు చెప్పమ్మా, నేనే వస్తా" అంది అవ్వ. "నన్ను చూసి దొంగనిపిస్తే చెప్పొద్దులే."

"కనిగిరి. రా, చూద్దాం. రాకపోతే మాత్రం పోలీసులకి చెప్తా."

తెల్లారి తొలి బస్సుకే బయల్దేరాం. షాపు మూసుకుని నేనెందుకు పోయానంటే, అకౌంట్ తెరిచే పని ఆవిడకి రాదు, అంతే, గొప్పేం కాదు. కందుకూరులో బస్సు మారాం. రెండు బస్సుల్లోనూ ఆధార్ కార్డు చూపించి అవ్వ ఫ్రీ, టికెట్ నాకే. మామిడిపండ్ల గంప మాత్రం కండక్టర్ కాళ్ళకి అడ్డం వచ్చి ఇద్దరం తిట్లు తిన్నాం.

పేరు సుభాషిణి. ముందు గదిలో మిషను, గోడ నిండా తగిలించిన జాకెట్లు, ఒక్కోదానికి గుచ్చిన కొలత చీటీ. గడప దగ్గరే నిలబెట్టి అవ్వని పైనుంచి కింద దాకా చూసింది. మంచినీళ్ళు ఇచ్చింది గానీ, "ఇది క్యాన్ నీళ్ళే, ఇక్కడి బోరు నీళ్ళు మీరు తాగలేరు, ఫ్లోరైడు" అని కోపంగానే చెప్పింది. గంప వైపు చూడలేదు.

"కోడ్ సంగతి తర్వాత. ముందు మా ఆయనతో మాట్లాడు."

ఇది మేం అనుకోలేదు. ఆమె ఫోన్ కలిపి అవ్వ చేతిలో పెట్టింది. అవతల కట్టుబడి పని చప్పుడు, ఎవడో ఇటుకలు ఇటుకలు అని అరుస్తున్నాడు.

"నాయనా, నాది ఉలవపాడు. డెబ్బై రెండేళ్ళు నాకు. మీ ఇంటికి రాత్రిళ్ళు ఫోన్ చేసింది నేనే. మా కొడుకు పాత నంబరు అది. నీ పెళ్ళాం తప్పేం లేదు. బంగారం లాంటి పిల్ల, నన్ను తిట్టిన తిట్లు నువ్వు వినుండాల్సింది."

అతను ఏదో అన్నాడు. అవ్వ "ఊ, ఊ, పర్లేదులే" అంది. సుభాషిణి ఫోన్ లాక్కుని "విన్నావా?" అని ఒకే ఒక్క మాట అడిగి, జవాబు కోసం ఆగకుండా పెట్టేసింది. పెట్టేశాక చాలాసేపు మొహం అటు తిప్పుకుని జాకెట్లు సర్దింది. సర్దడానికి అక్కడేం లేదు.

"ఇప్పుడు పంపించుకోండి" అంది.

కోడ్ వచ్చింది. చదివే ముందు మెసేజ్ మొత్తం నాకు చూపించింది, బ్యాంకు పేరుందా, డబ్బు అనే మాటుందా అని వేలు పెట్టి వెతికించింది. అప్పుడు ఒక్కో అంకె చెప్పింది. కొట్టాను.

ముందు ఖాళీ గడులు వచ్చాయి, కాసేపటికి వాటిలో బొమ్మలు నిండడం మొదలైంది. కనిగిరి సిగ్నల్ గురించి నేనేం అనను. గుమ్మడికాయ వేషంలో పిల్లోడు. ముందు పళ్ళు రెండూ ఊడిపోయి, అదేదో ఘనకార్యమైనట్టు నోరంతా తెరిచి చూపిస్తున్న పిల్ల. వీడియో కాల్లో స్క్రీన్‌షాట్ తీసినవి బోలెడు, సగం వాటిలో మూలన చిన్న గడిలో అవ్వ నుదురు మాత్రమే ఉంది. వాళ్ళు వచ్చినప్పుడు తీసింది ఒక్కటే, తోటలో, కింది కొమ్మ మీద ఇద్దరూ కూర్చుని ఉంటే పడిపోకుండా ఒక చెయ్యి పట్టుకుని ఉంది. చెయ్యి ఒక్కటే పడింది ఫోటోలో.

"ఆ చెయ్యి మావాడిదే" అంది అవ్వ.

"పెద్దదానికి ఎన్నేళ్ళు?" సుభాషిణి మిషన్ స్టూలు దగ్గరికి లాక్కుంది.

"ఏడు" అని, మళ్ళీ వేళ్ళ మీద లెక్కేసి, "కాదులే, తొమ్మిది నిండుంటాయి. పళ్ళు వచ్చేసుంటాయి."

నేను సెట్టింగుల్లోకి పోయి 47 తీసేసి అవ్వ నంబరు పెట్టాను. "ఇంకో నంబరు కూడా పెట్టుకోవాలవ్వా. నీ ఫోను మళ్ళీ తొట్టిలో పడితే ఇదే తంతు. నాది పెట్టనా?"

"నీ షాపు ఉంటుందో లేదో" అంది. అది నిజమే, అద్దె పెంచుతానంటున్నాడు. సుభాషిణి "పోనీ నాది ఉంచండి" అంది, అప్పటికి గంపలోంచి ఒక పండు తీసి వాసన చూస్తోంది. అవ్వ దానికీ తలూపలేదు. కాసేపు ఉండి ఒక నంబరు చెప్పడం మొదలుపెట్టింది. ప్లస్ ఒకటితో మొదలయ్యే నంబరు, అదీ చూడకుండానే.

"అవ్వా, ఇది పెడితే కోడ్ మీవాడి ఫోనుకి పోతుంది. వాడు దాన్ని మనకి చెప్పాలి, కాసేపట్లో చెప్పకపోతే పనికిరాదు."

"అంటే నేను అడగాలా?"

"నువ్వే అడగాలి."

"తోట మాట ఎత్తక్కర్లేదుగా?"

"ఆరంకెలు అడుగు చాలు."

"అయితే సాయంత్రం ఆరు దాటాక పంపు. ఇప్పుడు వాళ్ళకి అర్ధరాత్రి దాటింది, నిద్ర లేపితే చిన్నప్పట్నించీ చిరాకు వాడికి."

"ఆరయ్యేదాకా కందుకూరు బస్టాండ్‌లో కూర్చుంటారా ఏంది" అంది సుభాషిణి, పొయ్యి మీదికి ఎసరు పెట్టడానికి లేస్తూ. "అన్నం తిని ఇక్కడే ఉండండి. ఇక్కడ్నించే చెయ్యి. నేను పక్కనే కూర్చుంటా, ఈసారి గూడా మాట్లాడకుండా పెట్టేశావంటే చెప్తా నీ సంగతి."