మేష్టారూ, పెళ్లి ఫొటోల హార్డ్ డిస్క్ తెరిచే ముందు ఇది ఒకసారి చదవండి

మేష్టారికి నమస్కారాలు,

మా కుర్రాడితో ఒక హార్డ్ డిస్క్, ఒక పెన్ డ్రైవ్ పంపించాను, సాయంత్రంలోగా మీ ఇంటికి అందుతాయి. అవి తెరవగానే ఏదో లెక్కల పుస్తకంలా అంకెలు కనబడి మీరు నాకు ఫోన్ చేస్తారని తెలుసు. ఫోన్‌లో చెబితే సగం అటూ ఇటూ పోతుంది, అందుకే రాస్తున్నాను. ఇదే ఉత్తరం వసంతమ్మకీ వాట్సాప్‌లో పెట్టాను, బెంగళూరులో కూర్చుని ఆల్బమ్‌కి ఏరేది ఎలాగూ తనూ అల్లుడు గారూనే కదా.

హార్డ్ డిస్క్ తెరిస్తే లోపల ఇలా ఉంటుంది:

```
VS_2025_PELLI
  01_RAATA_PASUPU
  02_PELLIKUTURU
  03_MUHURTHAM
  04_TALAMBRALU
  05_APPAGINTALU
  06_VRATAM_RECEPTION
  07_GROUPS
  08_MOBILE
  09_VIDEO
  10_ALBUM
```

VS అంటే వసంత, శ్రీనివాస్. పేర్లు తెలుగులోనే పెడదామనుకున్నాను గానీ కొన్ని టీవీలు తెలుగు అక్షరాల బదులు డబ్బాలు చూపిస్తాయి, ల్యాబ్ వాళ్ల సాఫ్ట్‌వేర్ కూడా ఒక్కోసారి మొరాయిస్తుంది. ముందు 1 అని కాకుండా 01 అని ఎందుకంటే, ఆ సున్నా లేకపోతే చాలా టీవీల్లో 1 తర్వాత 10 వచ్చి కూర్చుంటుంది, 2 ఆ తర్వాత వస్తుంది. కంప్యూటర్ సర్దుకుంటుంది గానీ టీవీ సర్దుకోదు.

ఇక ఒక్క ఫొటో పేరు చూడండి.

```
VS_20250213_03_0912.jpg
```

మధ్యలో ఉన్నది తేదీ, ముందు ఏడాది, తర్వాత నెల, రోజు. 03 అంటే ముహూర్తం ఫోల్డర్. చివరి నాలుగు అంకెలే అసలైనవి. రాట వేసిన దగ్గర 0001తో మొదలై గ్రూపు ఫొటోల చివర 1846 దాకా ఒకే వరస, ఫోల్డర్ మారినా మళ్లీ ఒకటి నుంచి మొదలవదు. కాబట్టి పెళ్లి మొత్తంలో 0912 ఒక్కటే ఉంటుంది. మీరు "తొమ్మిది వందల పన్నెండు" అంటే చాలు, ఏ ఫోల్డరో కూడా నాకు చెప్పక్కర్లేదు. అదే అంకె చివర _BW అని ఉంటే ఆ ఫొటోకే నలుపు తెలుపు రూపం, వేరే ఫొటో కాదు.

పెళ్లికూతుర్ని చేసిన ఫొటోల మీద 12వ తేదీ ఉండి, అదే రాత్రి ముహూర్తం ఫొటోల మీద 13 ఉందేమిటని అడక్కండి. ముహూర్తం ఒంటిగంట దాటాక కదండీ, అప్పటికి తేదీ మారిపోయింది.

ఇక్కడ మా వైపు నుంచి జరిగిన పొరపాటు ఒకటి చెప్పాలి. నా కెమెరా గడియారానికీ, మా తమ్ముడి కెమెరా గడియారానికీ ఏడు నిమిషాలు తేడా ఉంది, పెళ్లికి ముందు చూసుకోలేదు. రెండు కార్డులూ కలిపి వరసలో పెడితే తలంబ్రాలు అయ్యాక జీలకర్ర బెల్లం పెడుతున్నారు! తెర దించిన క్షణం ఇద్దరం తీశాం, నా దాంట్లో 1:52, వాడి దాంట్లో 1:45. దాన్ని పట్టుకుని వాడివన్నీ ఏడు నిమిషాలు ముందుకు జరిపి, ఆ తర్వాతే నంబర్లు వేశాను. వారం ఆలస్యం అయింది అందుకే, మీరు రెండుసార్లు అడిగినా కారణం చెప్పలేదు, ఏమీ అనుకోవద్దు.

దయచేసి ఫైళ్ల పేర్లు మాత్రం మార్చకండి. కిందటేడు ఒక ఇంటివాళ్లు ఏరిన ఫొటోలన్నిటికీ "అత్త", "పెద్దత్త", "అత్త బాగుంది" అని పేర్లు పెట్టి పంపారు. నా దగ్గర ఒరిజినల్స్ ఆ నంబర్లతోనే ఉంటాయి, పేరు పోతే ఏది ఏదో కళ్లతో వెతుక్కోవడమే, మూడు రాత్రులు వెతికాను.

ఆల్బమ్‌కి ఎలా అంటే, 10_ALBUM ఖాళీగా ఉంది. నచ్చినవి అందులోకి కాపీ చెయ్యండి, కట్ చెయ్యొద్దు. లేదూ, తెల్లకాగితం మీద నంబర్లు రాసి ఫొటో తీసి పంపినా సరే, మీ దస్తూరీ నాకు అలవాటే. నలభై షీట్ల ఆల్బమ్‌కి 180 దాకా బాగుంటాయి, 250 కుక్కితే మొహాలు తపాలా బిళ్లలు అయిపోతాయి. ఒక్కచోట మాత్రం నా మాట వినండి. మంగళసూత్రం కడుతున్నప్పుడు 0912లో ముడి స్పష్టంగా కనబడుతుంది, కానీ అమ్మగారు కళ్లు మూసుకున్నారు. 0913లో పంతులుగారి చెయ్యి ముడికి కాస్త అడ్డం, పక్కన ఎవరిదో సెల్‌ఫోన్ కూడా వచ్చింది, అయినా అమ్మగారు కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. పెద్ద పేజీకి నేనైతే 0913 వేస్తాను, ఫోన్ తీసేస్తాను.

08_MOBILEలో ఉన్నవి అవే ఫొటోలు, అవే నంబర్లు, చివర _M ఉంటుంది. సైజు తగ్గించాను, వెడల్పు 2048 పిక్సెళ్లు. వాట్సాప్‌లో చుట్టాలకి పంపడానికి ఇవి. వీటిని మాత్రం ప్రింట్‌కి ఇవ్వకండి, ఏడంగుళాలు దాటితే మసక తేలుతుంది. గోడకి ఫ్రేము కట్టించాలంటే అదే నంబరు పెద్ద ఫైలు తియ్యండి, అది 6000 పిక్సెళ్లు, ఇరవై అంగుళాల దాకా నిక్షేపంగా వస్తుంది. పెద్దది ఎవరికైనా వాట్సాప్‌లోనే పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే అది నలిపేస్తుంది.

పెన్ డ్రైవ్ మీ హాల్లో టీవీ కోసం. అందులో 08, 09 మాత్రమే ఉన్నాయి. మీ టీవీ పాతది కాబట్టి దానికి తగ్గట్టు ఫార్మాట్ చేశాను, ఆ ఫార్మాట్‌లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. అందుకే వీడియోని VS_FILM_P1 నుంచి P5 దాకా ముక్కలు చేశాను, హార్డ్ డిస్క్‌లో మాత్రం ఒకటే ఫైలు. ఒక ముక్క అయ్యాక రెండోది దానంతట అది రాకపోతే రిమోట్‌తో నొక్కండి. అప్పగింతలు P4లో ఉన్నాయి, అమ్మగారు అది ఒక్కరే కూర్చుని చూడకుండా ఉంటే మంచిది.

మీ మేనల్లుళ్లు ఫోన్లలో తీసినవి ఇందులో కలపలేదు. పంపిస్తే 11 అని వేరే ఫోల్డర్ చేసి ఇస్తాను, వాటికి నంబర్లు వెయ్యను.

ఫొటోలు బాగోలేనివి, కళ్లు మూసినవి, ఒకేలా ఉన్నవి తీసేశాను. మొత్తం ఆరు వేల పైన తీశాం. వియ్యాలవారి వైపు ఎవరైనా మా ఫొటో లేదంటే ఏ ఘట్టంలో, ఎవరి పక్కన నిలబడ్డారో అడిగి చెప్పండి, ఉంటే వెతికి ఇస్తాను. నా దగ్గర కాపీ ఆరు నెలలు ఉంచుతాను, ఆ తర్వాత నా డిస్క్ ఖాళీ చేసుకోవాలి. ఈలోగా వసంతమ్మని తన ల్యాప్‌టాప్‌లోకి ఒక కాపీ తీసుకోమనండి, మొత్తం 45 జీబీ లోపే. హార్డ్ డిస్క్‌ని మాత్రం బీరువాలో పెట్టండి, టీవీ పక్కన వద్దు, మీ మనవడు ఒక పూలకుండీని ఏం చేశాడో పెళ్లిలో నేనే తీశాను, 1377 చూడండి.

నంబర్లు ఈ నెలాఖరులోగా పంపితే ఉగాదికి ఆల్బమ్ మీ ఇంట్లో ఉంటుంది. మిగిలిన డబ్బులు అప్పుడే ఇద్దురు గాని, తొందరేం లేదు. ఏదైనా తెరుచుకోకపోతే గంటస్తంభం వైపు వచ్చినప్పుడు డిస్క్ పట్టుకుని షాపుకి రండి, ఫోన్‌లో మాత్రం "ఆ పచ్చ చీర ఫొటో" అనకండి మేష్టారూ, ఆ పెళ్లిలో పచ్చ చీరలు నలభై ఉన్నాయి.

ఉంటానండి,
మీ ఫొటోగ్రాఫర్, విజయనగరం